మూలన దూరిన ట్రైపాడ్ కాలు: కోత ఎక్కడ పెట్టాలి?

2013 సెప్టెంబరులో సిరియాలోని ఇద్లిబ్ ప్రాంతంలో, కాల్పుల నుంచి తప్పించుకుంటున్న ఒక తిరుగుబాటు యోధుణ్ణి నార్సిసో కాంట్రెరాస్ అనే ఫొటోగ్రాఫర్ ఫొటో తీశాడు. కింద ఎడమ మూలన, తోటి విలేకరి నేలమీద పెట్టిన వీడియో కెమెరా కూడా ఫ్రేములో పడింది. చూసేవాళ్ల దృష్టి దానిమీదికి పోతుందని అతనికి అనిపించింది. పక్కనున్న నేల ముక్కల్ని నకలు తీసి ఆ కెమెరా మీద కప్పేసి, బొమ్మను అసోసియేటెడ్ ప్రెస్‌కు పంపాడు. తర్వాత ఆ సంగతి తనే సంపాదకులకు చెప్పాడు. 2014 జనవరిలో ఏపీ సంస్థ అతనితో సంబంధం తెంచుకుంది. 2013లో సిరియా యుద్ధ చిత్రాలకు పులిట్జర్ బహుమతి అందుకున్న ఏపీ బృందంలో అతనొకడు. సంస్థ అతని ఫొటోలు దాదాపు 500 తిరగేసి చూసింది. మార్చినది ఆ ఒక్కటే. అయినా నిర్ణయం మారలేదు.

అదే మూలను కాంట్రెరాస్ క్రాప్ చేసి ఉంటే తప్పు పట్టేవారు కాదు. ఏపీ నియమావళి క్రాప్‌ను ఒప్పుకుంటుంది. ఉన్నదాన్ని చెరపడాన్నీ లేనిదాన్ని చేర్చడాన్నీ ఒప్పుకోదు. 2010 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. ఉక్రెయిన్‌కు చెందిన స్టెపాన్ రూడిక్ కీవ్ నగరంలోని వీధిపోరాటాల మీద చేసిన ఫొటో వరుసకు బహుమతి ఇచ్చి, ఆ తర్వాత రద్దు చేశారు. అసలు బొమ్మలో చాలా భాగం అతను క్రాప్ చేసి తీసేశాడు, రంగులు తీసేసి నలుపు తెలుపు చేశాడు. వాటికి అభ్యంతరం రాలేదు. వెనకాల కనిపిస్తున్న ఎవరిదో పాదం ముక్కను చెరిపినందుకు బహుమతి పోయింది.

పెళ్లి ఫొటోకూ తీర్థయాత్ర ఫొటోకూ ఏపీ నియమాలు వర్తించవు. అయినా ఆ తేడాను మనసులో ఉంచుకుంటే మన పని తేలికవుతుంది. క్రాప్ చేసినప్పుడు బొమ్మలోకి కొత్తగా ఏమీ రాదు. మిగిలిన ప్రతి పిక్సెల్ కెమెరా చూసిందే. అందుకే మూలన ట్రైపాడ్ కాలో లెన్స్ హుడ్డో దూరితే ముందు క్రాప్‌తో పోతుందేమో చూడాలి. అది కుదరదని తేలాకే బ్రష్ పట్టుకోవాలి. క్రాప్ అనగానే చాలామంది మూలను పట్టుకుని లోపలికి లాగేసి వదిలేస్తారు. ఆ లాగడంలో, తీసేయాల్సినదానికి రెండు మూడింతల బొమ్మ అనవసరంగా పోతుంది.

ముందు ఆ నల్లటి వస్తువు ఏమిటో తేల్చుకోవాలి. ఫొటోను 100 శాతానికి పెంచి ఆ మూలను చూడండి. ట్రైపాడ్ కాలైతే దానికొక రూపం ఉంటుంది. గొట్టం అంచు, బిగింపు మర, కింద రబ్బరు బూటు కొంతైనా గుర్తుపట్టేలా కనిపిస్తాయి, ఎందుకంటే అది లెన్స్‌కు అర మీటరో మీటరో దూరంలో ఉంటుంది. హుడ్ లెన్స్ అద్దానికి కొద్ది సెంటీమీటర్ల ముందే ఉంటుంది. అంత దగ్గర వస్తువు మీద ఫోకస్ కుదరదు కాబట్టి అది మసకబారిన నల్లటి మరకలా పడుతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. అదే రోజు తీసిన నాలుగైదు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. హుడ్ మరక ప్రతి ఫొటోలో అదే మూలన, అదే ఆకారంలో ఉంటుంది. జూమ్ చేసిన ఫొటోల్లో మాయమవుతుంది. కాలు అలా కాదు. కెమెరాను ట్రైపాడ్ తలమీద కొంచెం తిప్పినా అది చోటు మారుతుంది.

ఇంట్లో తీసిన ఫొటోల్లో మూడో రకం ఒకటి కనిపిస్తుంది. కెమెరాలోనే ఉండే ఫ్లాష్ వేసి, హుడ్ తీయకుండా వైడ్‌లో కొడితే, ఫొటో అడుగున మధ్యలో అర్ధచంద్రాకారపు చీకటి పడుతుంది. అది హుడ్ కాదు, దాని నీడ. చీకట్లో నేలా చాపా కొద్దిగా కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి గుర్తుపట్టవచ్చు. కెమెరాను నిలువుగా పట్టుకుంటే ఫ్లాష్ పక్కకు వస్తుంది, నీడ కూడా పక్క అంచుకు జరుగుతుంది. దానికి అడుగునో పక్కనో నిండు కోత తప్ప వేరే దారి లేదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

తీసేటప్పుడే ఎందుకు కనిపించలేదన్నది అందరికీ వచ్చే సందేహం. తక్కువ ధర డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో, ఉదాహరణకు కెనాన్ 1500డి, నికాన్ డి3500 వంటి వాటిలో, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ అసలు ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది. 6,000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో ఒక్కో పక్క దాదాపు 150 పిక్సెళ్లు మన కంటికి రాకుండానే ఫొటోలోకి వస్తాయి. హుడ్ అంచు దాక్కోవడానికి ఆ చోటు చాలు. వెనక తెర మీద చూసి తీసేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. కానీ చీకట్లో నల్లటి కాలు నల్లటి నేల మీద తెరలో కనిపించదు. 30 సెకన్ల ఎక్స్‌పోజరు ఇచ్చాక వచ్చిన ఫొటోలో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక ఫొటో తీసుకుని పని మొదలుపెడదాం. రాజమహేంద్రవరంలో గోదావరి ఘాట్ మెట్ల మీద, పొద్దు కుంకాక తీసిన ఫొటో అనుకోండి. నది పడమటి వైపు ఉంటుంది కాబట్టి ఆకాశంలో ఇంకా కాస్త వెలుగుంది. దూరంగా ఆర్చి వంతెన, మధ్యలో నీళ్లు, ముందు తడిమెట్లు. మూడూ పట్టాలని ఫొటోగ్రాఫర్ 14 ఎంఎం వైడ్ లెన్స్‌తో కెమెరాను నిలువుగా పెట్టాడు, మెట్లు బాగా కనిపించాలని కిందికి వంచాడు. ట్రైపాడ్‌ను కిందికి దించడానికి కాళ్లు బాగా విడదీశాడు. ఈ మూడు పనులూ కలిసే కాలును లోపలికి తెచ్చాయి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాను నిలువుగా పెడితే 14 ఎంఎం లెన్స్ పైనుంచి కిందికి దాదాపు 104 డిగ్రీలు చూస్తుంది. కెమెరా సమంగా ఉన్నా, అడ్డగీతకు దిగువన 52 డిగ్రీల దాకా దాని చూపు పోతుంది. పైగా 20 డిగ్రీలు కిందికి వంచితే ఇక కెమెరా కాళ్ల దగ్గరి నేల కూడా ఫొటోలో పడుతుంది.

ఫొటో కొలత 4,000 వెడల్పు, 6,000 ఎత్తు. కింద ఎడమ మూల దగ్గర రబ్బరు బూటూ దానిపై కొంచెం గొట్టమూ కనిపిస్తున్నాయి. ఎడమ అంచు నుంచి లోపలికి 180 పిక్సెళ్లు, అడుగు నుంచి పైకి 760 పిక్సెళ్లు. ఈ రెండు అంకెలూ ముందు కాగితం మీద రాసుకోవాలి. మిగతా నిర్ణయాలన్నీ వీటినుంచే వస్తాయి. ఎడిటింగ్ ప్రోగ్రాముల్లో చాలావాటిలో మౌస్ ఎక్కడుందో పిక్సెళ్లలో చూపే చోటు ఉంటుంది. అది లేకపోతే, క్రాప్ గీతను ఆ వస్తువు అంచు దాకా లాగి, మిగిలిన కొలత చదివి 4,000 లోంచి తీసేస్తే సరిపోతుంది.

మూలనున్న వస్తువును వదిలించుకోవడానికి రెండు వైపులా కోయక్కర్లేదు. ఎడమ నుంచి 180 తీసేస్తే అది పూర్తిగా పోతుంది. అడుగు నుంచి 760 తీసేసినా పోతుంది. ఏదో ఒకటి చాలు. ఏది మేలు? అంకెలను నేరుగా పోల్చకండి, ఆ వైపు మొత్తం కొలతలో అది ఎంత శాతమో చూడండి. 4,000లో 180 అంటే 4.5 శాతం. 6,000లో 760 అంటే దాదాపు 12.7 శాతం. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి చెడకుండా ఎడమ నుంచి కోస్తే 3,820 × 5,730 మిగులుతుంది, అంటే బొమ్మలో 91 శాతం. అడుగు నుంచి కోస్తే 3,493 × 5,240 మిగులుతుంది, అంటే 76 శాతం. కాలు ఒకటే, ఫొటో ఒకటే. ఏ వైపు కోశామన్నదాన్ని బట్టి బొమ్మలో ఏడో వంతు అటూ ఇటూ అయింది.

నిష్పత్తి చెడకూడదంటే ఎడమ నుంచి 180 తీసినందుకు ఎత్తులో 270 వదులుకోవాలి. దాన్ని అడుగు నుంచే తీయాలన్న నియమమేమీ లేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. క్రాప్ పెట్టెను మూల పట్టుకుని లాగితే ప్రోగ్రాము ఎడమనూ అడుగునూ కలిపి కోసేస్తుంది. పెట్టె లోపల వేలు పెట్టి బొమ్మను పైకీ కిందికీ జరిపితే, ఆ 270 ఎక్కడ పోవాలో మన చేతిలోకి వస్తుంది. మన ఫొటోలో అడుగున తడిమెట్ల గీతలు చూపును నీటి వైపు నడిపిస్తున్నాయి, పైన ఖాళీ ఆకాశం ఉంది. కాబట్టి 270 పైనుంచే తీస్తాను. ఆకాశంలో మబ్బు ఎర్రబడి ఉండి, అడుగు మెట్టు మీద ఎవరో పారేసిన పూలదండ ప్లాస్టిక్ కవరు ఉంటే, నిర్ణయం తిరగబడుతుంది. కాలుతో పాటు ఆ కవరూ పోతుంది.

అయితే పక్క నుంచి కోయడంలో ఒక నష్టం ఉంది. తప్పు కింద 760 పిక్సెళ్లలోనే ఉంది, కోత మాత్రం పైనుంచి కిందిదాకా పడుతుంది. మన ఫొటోలో ఎత్తులో సగం దగ్గర, ఎడమ అంచుకు 240 పిక్సెళ్ల దూరంలో, కట్టేసిన పడవ ముక్కు ఉందనుకోండి. బూటు అంచుకు మరీ ఆనించి కోయకూడదు కాబట్టి ఒక 20 పిక్సెళ్లు కలిపి 200 తీస్తే, పడవ ముక్కుకూ అంచుకూ మధ్య 40 మిగులుతాయి. ముక్కు అంచును పొడుస్తున్నట్టు కనిపిస్తుంది. చూసేవాడికి కాలు పోయిందన్న తృప్తి ఉండదు, ఎందుకంటే కాలు ఉన్న సంగతే అతనికి తెలియదు. పడవ ఇరుక్కుపోయిన సంగతి మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ అక్కరకొచ్చేది వంపు సరిచేయడం. ట్రైపాడ్ మీద తీసినా చీకట్లో తీసిన ఫొటోల్లో నీటి గీత అర డిగ్రీ, డిగ్రీ వంగి ఉండటం మామూలే. ఫొటోను తిప్పినప్పుడు నాలుగు మూలల్లోనూ ఖాళీ త్రికోణాలు వస్తాయి కాబట్టి ప్రోగ్రాము ఎలాగూ కొంత కోస్తుంది. మన ఫొటోలో నీటి గీత కుడివైపు ఒక డిగ్రీ లేచి ఉందనుకోండి. దాన్ని సమం చేయడానికి బొమ్మను కుడివైపుకు, అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో, ఒక డిగ్రీ తిప్పాలి. అప్పుడు కొత్త ఎడమ అంచు పాత ఫొటో మీద ఏటవాలుగా పడుతుంది: పైన పాత అంచుకు దాదాపు ఆనుకుని, అడుగున దాదాపు 100 పిక్సెళ్లు లోపలికి. అంటే మనకు కావలసిన కోతలో సగం, సరిగ్గా కావలసిన మూలనే, అడగకుండానే పడిపోయింది. ఇంకో 110 తీస్తే కాలు పోతుంది. పడవ ముక్కు దగ్గర కొత్త అంచు 160 దగ్గరే ఉంటుంది, ముక్కుకు 80 పిక్సెళ్ల ఊపిరి మిగులుతుంది. చివరికి చేతికొచ్చేది సుమారు 3,788 × 5,682.

నీటి గీత అటువైపు, అంటే ఎడమవైపు లేచి ఉంటే, ఈ లాభం ఎడమ అంచుకు రాదు. అడుగు అంచు మాత్రం ఎడమ చివర ఓ 70 పిక్సెళ్లు పైకి లేస్తుంది. 760 ఎత్తున్న కాలికి అది ఏ మూలకూ చాలదు. అందుకే పని వరుస ముఖ్యం. ముందు వంపు సరిచేయాలి, ఆ తర్వాత మూల చూసుకోవాలి. ముందే క్రాప్ చేసి తర్వాత తిప్పితే రెండుసార్లు కోసినట్టవుతుంది.

హుడ్ సంగతికి వస్తే లెక్క మారుతుంది. రేకుల ఆకారంలో ఉండే హుడ్‌లో పైనా కిందా రేకులు పొడవుగా, పక్కలవి పొట్టిగా ఉంటాయి. రేకుల మధ్య పల్లాలు సరిగ్గా ఫొటో మూలల ఎదుట రావాలి. బిగించేటప్పుడు టక్కున శబ్దం వచ్చేదాకా తిప్పకపోతే పై రేకు ఒక మూలకూ కింది రేకు దానికి ఎదురు మూలకూ జరుగుతాయి. అంటే హుడ్ తప్పు ఎప్పుడూ జంటగా, ఎదురెదురు మూలల్లో వస్తుంది. మనకు ఒక్క కింది మూలే నల్లగా కనిపిస్తే, పై మూలన చెట్టుకొమ్మో చీకటి ఆకాశమో మండపం నీడో ఉండి రెండో మరకను దాచిందేమో అని అనుమానించాలి. ఆ మూలలో వెలుగు తాత్కాలికంగా రెండు స్టాపులు పెంచి చూస్తే తెలిసిపోతుంది. ఈ పని మర్చిపోయి కింది మూల ఒక్కటే కోసి ప్రింటుకిస్తే, ల్యాబువాళ్లు ఫొటోను కాస్త వెలుగు పెంచి వేసినప్పుడు పై మూల బయటపడుతుంది.

హుడ్ మరక ఆకారం కూడా వేరు. కాలు నిలువు పట్టీలా పడితే, హుడ్ మూలను అడ్డంగా కోసినట్టు త్రికోణంగా పడుతుంది. అడ్డంగా తీసిన 6,000 × 4,000 ఫొటోలో మరక అడుగున 420 పిక్సెళ్ల పొడవు, పక్కన 300 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకుందాం. కాలి పద్ధతిలో ఒక వైపే కోస్తే, ఎడమ నుంచి 420 పూర్తిగా తీయాలి. నిష్పత్తి కాపాడుతూ 5,580 × 3,720 మిగులుతుంది, అంటే 86 శాతానికి కాస్త పైన. త్రికోణానికి అంత అక్కర్లేదు. దాని లోపలి అంచు ఏటవాలు గీత. క్రాప్ పెట్టె మూల ఆ గీతను దాటితే చాలు, మరక రెండు కొసలనూ విడివిడిగా దాటనక్కర్లేదు. పెట్టెను ఆ మూల పట్టుకుని, నిష్పత్తి తాళం వేసి, ఎదురు మూల వైపు మెల్లగా లాగండి. ఎడమ నుంచి సుమారు 217, అడుగు నుంచి 145 పోగానే పెట్టె మూల మరకను దాటేస్తుంది. 5,783 × 3,855 మిగులుతుంది, అంటే దాదాపు 93 శాతం. పట్టీకి చెరుపు చేసే మూల లాగుడే త్రికోణానికి సరైన మందు. ఆకారం చూడకుండా కోయకూడదనేది ఇందుకే. ఎదురు మూలన కూడా అంతే మరక ఉంటే అక్కడా అంతే తీయాలి, 86 శాతం మిగులుతుంది.

హుడ్ అంచు మసకగా ఉంటుందని చెప్పుకున్నాం. దానివల్ల అసలైన చిక్కు ఒకటుంది. నలుపు ఆగిపోయిందనుకున్న చోట నిజానికి అది ఆగదు. లెన్స్ బాగా తెరిచి, ఎఫ్/2.8, ఎఫ్/4 దగ్గర తీసిన ఫొటోల్లో నలుపు మెల్లగా బూడిద రంగుకు, ఆ తర్వాత లేత నీడకు మారుతూ చాలా లోపలికి వస్తుంది. ఎఫ్/11, ఎఫ్/16 దగ్గర అంచు గట్టిగా ఉంటుంది. అందుకే గట్టి అంచున్న ఫొటోకు పాతిక పిక్సెళ్లు అదనంగా తీస్తే చాలు, మెత్తని అంచున్న ఫొటోకు అది సరిపోదు. ఎంత తీయాలో తెలుసుకోవడానికి నాకు నమ్మకమైన పద్ధతి ఒకటే: కోశాక ఫొటోను వేలెడంత చిన్నది చేసి, కింది రెండు మూలలను పోల్చి చూడటం. పెద్దగా ఉన్నప్పుడు కన్ను ఒప్పుకున్న నీడను చిన్నగా ఉన్నప్పుడు ఒప్పుకోదు. ఒక మూల కొంచెం చీకటిగా ఉండి రెండోది వెలుగ్గా ఉంటే కోత చాలలేదని అర్థం. ఇంకా కోయడానికి చోటు లేకపోతే, ఆ మూల ఒక్కదానికి వెలుగు కాస్త పెంచి సరిచేయవచ్చు. నీడ కింద బొమ్మ ఉన్నంతవరకే ఇది పనిచేస్తుంది, నల్లటి చోట ఏమీ లేదు కాబట్టి వెలుగు పెంచినా బూడిద రంగు మరకే వస్తుంది.

హుడ్ మరక అన్ని ఫొటోల్లో ఒకే చోట ఉండటంలో ఒక మేలు కూడా ఉంది. పెళ్లిలో పొద్దుటి నుంచి జీలకర్ర బెల్లం దాకా హుడ్ వంకరగానే ఉండిపోతే, ఒక ఫొటోకు పెట్టిన క్రాప్‌ను మిగతావాటికీ ఒకేసారి వర్తింపజేయవచ్చు. లైట్‌రూమ్‌లో Sync అనేది ఇందుకే ఉంది. కాకపోతే అదే జూమ్‌లో తీసిన ఫొటోలను మాత్రమే ఎంచుకోవాలి. 18 ఎంఎం దగ్గర తీసినవాటికి అవసరమైన కోత 35 ఎంఎం దగ్గర తీసినవాటికి అనవసరం. నిలువు ఫొటోలను, అడ్డం ఫొటోలను వేరు చేసుకోవడం కూడా మర్చిపోకూడదు. కెమెరాను తిప్పినప్పుడు మరక కూడా వేరే మూలకు వెళ్తుంది.

ఇంత లెక్క వేసేముందు ఆ ఫొటో చివరికి ఎక్కడికి వెళ్తుందో అడగాలి. కెమెరా ఫొటో 3:2 నిష్పత్తిలో ఉంటుంది. 4×6, 8×12, 12×18 ప్రింట్లకు అది అలాగే సరిపోతుంది. 8×10 ఫ్రేము కొని గోడకు పెట్టాలనుకుంటే, 6,000 × 4,000 ఫొటోలో పొడుగు వైపు 1,000 పిక్సెళ్లు ఎలాగూ పోవాలి. మన హుడ్ మరక ఆ 1,000లో మునిగిపోతుంది. ఎడమ నుంచి 420కి పైగా, మిగతాది కుడి నుంచి తీస్తే చాలు, మరక కోసం ప్రత్యేకంగా పోగొట్టుకున్నది ఏమీ లేదు. టీవీలో చూడటానికి 16:9 చేస్తే ఎత్తులో 625 పోతాయి. అడుగు నుంచి 300 తీసి మిగతా 325 పైనుంచి తీయవచ్చు. కాబట్టి ముందు 3:2లో జాగ్రత్తగా కోసి దాచుకుని, దాన్నే మళ్లీ 8×10కి కోయించడం రెండు సార్లు నష్టపోవడమే. ఒక్కో ప్రింటు సైజుకు అసలు ఫొటో నుంచి వేరుగా కోయడమే మంచి అలవాటు.

కోశాక ప్రింటు నాణ్యత తగ్గుతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 12×18 ప్రింటుకు 5,400 × 3,600 కావాలి. ఘాట్ ఫొటో వంపు సరిచేసి కోశాక కూడా ఆ గీతకు పైనే ఉంది. అడుగు నుంచి కోసిన చెడ్డ క్రాప్ కూడా అంగుళానికి 291 దగ్గర ఆగుతుంది, కంటితో ఆ తేడా పట్టలేం. క్రాప్ విషయంలో పిక్సెళ్ల గురించి అంత దిగులు అక్కర్లేదు. పడవ ముక్కు గురించీ మెట్ల గీతల గురించీ పడాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: అంచుల్లేకుండా ప్రింటు వేసేటప్పుడు ల్యాబు యంత్రం నాలుగు వైపులా కొద్దిగా తినేస్తుంది. కాబట్టి ముఖ్యమైనదేదీ కొత్త అంచుకు ఆనించి ఉంచకూడదు.

క్రాప్ ఓడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. పెళ్లికూతురి పాదాలో పట్టుచీర కుచ్చిళ్లో ఆ మూలనే ఉంటే, వాటిని కోసి కాలును వదిలించుకోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. వేలి కొసల దగ్గర, చీలమండ దగ్గర కోత పడితే మనిషి నరికినట్టు కనిపిస్తుంది. నీటిలో గుడి గోపురం ప్రతిబింబం కింది అంచు దాకా వచ్చినప్పుడూ అంతే, కొన తెగితే బొమ్మే పోతుంది. తడినేల మీద తీసిన ఫొటోల్లో ఇంకో ఉచ్చు ఉంది. కాలు పోతుంది, దాని ప్రతిబింబమో వీధిదీపం వేసిన దాని నీడో మిగిలిపోతుంది. ఎక్కడిదో తెలియని ఆ నల్లగీత కాలుకంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కోతకు ముందే కాలు నుంచి బయటికి పోతున్న గీతలన్నీ వెతికి, వాటి కొస దాకా కొలవాలి. ఇలాంటివాటికి హీలింగ్ బ్రష్ వాడటం తప్పు కాదు, ఇంటి ఆల్బమ్‌కైతే. పత్రికకో పోటీకో పంపే ఫొటో అయితే, నియమాల్లో వస్తువులను చెరపడం గురించి ఏం రాసి ఉందో ముందు చదవాలి.

ఫోన్‌లో చేసేవాళ్లకు ఒక మాట. గ్యాలరీ యాప్‌లో క్రాప్ చేసి Save నొక్కితే కొన్ని ఫోన్లలో పాత ఫొటో మీదే కొత్తది పడుతుంది. Save a copy అని ఉంటే అదే నొక్కండి, లేకపోతే ముందు ఫొటోకు నకలు తీసుకోండి. లైట్‌రూమ్ వంటివాటిలో ఆ బాధ లేదు, అవి అసలు ఫైలును ముట్టుకోకుండా కోత కొలతలను మాత్రమే రాసుకుంటాయి. నాలుగేళ్ల తర్వాత ఎవరైనా 8×10 అడిగినా అసలు ఫొటో చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఇక తీసేటప్పుడు. హుడ్ టక్కుమనేదాకా బిగించి, జూమ్‌ను పూర్తి వైడ్‌కు తెచ్చి, ఆకాశమో తెల్లగోడో ఒకటి కొట్టి నాలుగు మూలలూ చూసుకోవాలి. నీలాకాశంలో హుడ్ దాక్కోలేదు. ట్రైపాడ్ మీద కెమెరాను బాగా కిందికి వంచాల్సి వస్తే లెన్స్‌ను రెండు కాళ్ల మధ్య ఖాళీ వైపు పెట్టాలి. ఆ తర్వాత వంతెన కోసం కెమెరాను కుడికో ఎడమకో తిప్పితే ఒక కాలు మళ్లీ మూలకు వస్తుంది కాబట్టి, తల ఒక్కటే తిప్పకుండా ట్రైపాడ్‌నే ఎత్తి తిప్పి పెట్టుకోవాలి. చీకట్లో అయితే ఫోన్ లైటు రెండు ముందరి కాళ్ల మీద వేసి ఒకసారి తెరలో చూడండి. కాలు ఫ్రేములో ఉంటే తెలిసిపోతుంది.